ఒకే ఒక్క ఆప్షన్ కాంట్రాక్టును మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకోవాలని ఉంది

తెనాలి పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. షేర్లు కొనడం, దాచుకోవడం వరకే నాకు తెలుసు. ఈ మధ్య బ్రోకరు యాప్‌లో ఆప్షన్ చైన్ అనే పట్టికను తెరిచి చూశాను. అందులో నా కళ్లు నిలిచిన రెండు వరుసలు ఇవి:

```
NIFTY 25000 CE   140.00
NIFTY 25000 PE   115.00
```

ఆ సమయానికి నిఫ్టీ దాదాపు 25,000 దగ్గరే ఉంది. గడువు వచ్చే మంగళవారం, అంటే ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. ఇప్పుడే వీటిలో డబ్బు పెట్టే ఆలోచన నాకు లేదు. కానీ ఆ 140 రూపాయలను ఎవరు ఎవరికి చెల్లిస్తున్నారు, బదులుగా వారికి ఏమి దక్కుతుంది, మంగళవారం సాయంత్రం అసలు ఏమి జరుగుతుంది అనేది ఎంత చదివినా బోధపడలేదు. పైగా నిఫ్టీ అనేది ఒక సూచీ, ఒక అంకె మాత్రమే కదా, దాన్ని ఎవరైనా ఎలా కొంటారు? తెలిసినవారు ఈ ఒక్క వరుసనే పట్టుకుని వివరిస్తే మేలు చేసినవారవుతారు.

కృష్ణాతీరం

ఇది మనకు కొత్త విషయం కాదండీ. పొలం బేరం కుదిరినప్పుడు బయానా ఇచ్చి, ఫలానా తేదీలోగా ఫలానా ధరకు రిజిస్ట్రేషన్ చేయించుకుంటామని కాగితం రాసుకుంటాము. ఈలోగా ఆ చుట్టుపక్కల ధరలు పెరిగినా అమ్మేవారు పాత ధరకే ఇవ్వాలి. ధరలు పడిపోతే మనం బయానా వదులుకుని తప్పుకుంటాము. మీరు చూసిన మొదటి వరుసలోని CE, అంటే కాల్, అదే. 25,000 అనేది కాగితంలో రాసుకున్న ధర, దానినే స్ట్రైక్ ప్రైస్ అంటారు. మంగళవారం గడువు తేదీ, 140 బయానా. నిఫ్టీ 25,000 దాటితే లాభం, దాటకపోతే బయానా పోయిందని ఊరుకోవడమే. నష్టం ఎంతో ముందే తెలుసు కాబట్టి కొనేవారు భయపడవలసినది ఏమీ లేదు.

పాత బ్రోకరు

కృష్ణాతీరం గారి పోలిక చాలా దూరం పనికి వస్తుంది, కానీ ఒక ముఖ్యమైన చోట తెగిపోతుంది. బయానా సొమ్ము చివరికి పొలం ధరలో జమ అవుతుంది. ఆప్షన్ ప్రీమియం మాత్రం దేనిలోనూ జమ కాదు. ఆ హక్కును ఇచ్చినందుకు అమ్మినవారు ఉంచుకునే ప్రతిఫలం అది, బేరం ఎటు పోయినా వెనక్కి రాదు. అందువల్ల 25,000 దాటగానే లాభం అనడం సరికాదు. 140 రూపాయలు ముందే చేతి నుంచి పోయాయి కాబట్టి, గడువు దాకా అట్టే పెట్టుకునే కొనుగోలుదారుకు నిఫ్టీ 25,140 దాటిన తరువాతనే లాభం మొదలవుతుంది. బ్రోకరేజీ, పన్నులు వేరు.

ఇప్పుడు తెనాలి పాఠకుడు గారి కాల్‌ను లెక్క కట్టి చూద్దాము. ఈ కాంట్రాక్టులను ఒక్కొక్కటిగా అమ్మరు, లాట్ లెక్కన అమ్ముతారు. నిఫ్టీకి ఆ లాట్ 2024 నవంబరులో 25 నుంచి 75కు పెరిగి, 2026 జనవరి కాంట్రాక్టుల నుంచి 65 అయింది. కాబట్టి తెరపై 140 అని కనిపించినా కొనేవారు చెల్లించేది 140 × 65, అంటే 9,100 రూపాయలు. ఆ సొమ్ము క్లియరింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మినవారికి చేరుతుంది. ఎదుటి వ్యక్తి ఎవరో కొన్నవారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మాట నిలబడే బాధ్యత మధ్యలో ఉన్న ఆ సంస్థది.

మంగళవారం నిఫ్టీ 25,110 దగ్గర ముగిసిందని అనుకోండి. అంకెను ఎవరూ కొనలేరు కనుక ఇక్కడ వస్తువు చేతులు మారదు, తేడా సొమ్ము మాత్రమే మారుతుంది. 25,110 నుంచి 25,000 తీసివేస్తే 110. దానిని 65తో గుణిస్తే 7,150 రూపాయలు కొన్నవారి ఖాతాలో పడతాయి. సూచీ 110 పాయింట్లు పెరిగింది, వారి అంచనా అక్షరాలా నిజమైంది, అయినా 1,950 రూపాయలు నష్టపోయారు. అదే 25,400 దగ్గర ముగిస్తే 400లో నుంచి 140 పోగా 260 పాయింట్లు, అంటే 16,900 రూపాయలు లాభం. 25,000 వద్ద గాని అంతకంటే కింద గాని ముగిస్తే మొత్తం 9,100 పోతాయి, అంతకు మించి ఒక్క రూపాయి కూడా పోదు.

అమ్మినవారి ఖాతా దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. వారికి గరిష్ఠంగా మిగిలేది 9,100. నిఫ్టీ ఎంత ఎత్తుకు వెళితే వారి నష్టం అంత పెరుగుతుంది, దానికి పైకప్పు లేదు. కొన్నవారికి ఉన్నది హక్కు, అమ్మినవారికి ఉన్నది బాధ్యత. పొలం బేరంలో అమ్మేవారు ఏదో ఒక సాకు చెప్పి బయానా తిరిగి ఇచ్చేసే అవకాశం ఉంటుంది, ఇక్కడ అది కూడా లేదు. అందుకే అమ్మేవారి దగ్గర ముందుగానే మార్జిన్ అనే పూచీ సొమ్ము కట్టించుకుంటారు. ఒక్క నిఫ్టీ లాట్‌కు అది లక్ష రూపాయలకు పైగానే ఉంటుంది.

మణికొండ వాసి

చర్చ నాకు సరిగ్గా అక్కరకు వచ్చింది. మా కంపెనీ నాకు రెండేళ్ల క్రితం ఆప్షన్లు ఇచ్చింది. నాలుగేళ్లలో విడతలుగా నా సొంతం అవుతాయని, కాగితంలో రాసిన ధరకు షేర్లు తీసుకోవచ్చని చెప్పారు. అయితే నా దగ్గర ప్రీమియం ఏమీ అడగలేదు. వాటిని గడువుకు ముందే ఎక్స్ఛేంజీలో అమ్ముకోవచ్చా? వాటి స్ట్రైక్ ఎక్కడ చూడాలి?

పాత బ్రోకరు

మీవి ఉద్యోగులకు ఇచ్చే స్టాక్ ఆప్షన్లు. స్వభావంలో అవి కూడా కాల్ లాంటివే, నిర్ణీత ధరకు షేరు తీసుకునే హక్కు వాటిలోనూ ఉంది. కానీ వాటిని ఎక్స్ఛేంజీలో మరొకరికి అమ్మడం కుదరదు. షేర్లు ఇచ్చేది కూడా మార్కెట్‌లోని అపరిచితుడు కాదు, మీ కంపెనీయే. మీరు ప్రీమియం బదులు ఉద్యోగంలో కొనసాగడం ద్వారా ఆ హక్కును సంపాదించుకుంటున్నారు. మీ ధర కంపెనీ ఇచ్చిన గ్రాంట్ లెటర్‌లో ఉంటుంది. హక్కును వినియోగించుకున్న రోజున మార్కెట్ విలువకూ మీ ధరకూ ఉన్న తేడాను జీతంలో భాగంగా పరిగణించి పన్ను వేస్తారు కనుక, ఆ అడుగు వేసే ముందు ఆడిటరును సంప్రదించండి. ఇక్కడ నడుస్తున్నది మరో సంగతి.

తెనాలి పాఠకుడు

పాత బ్రోకరు గారికి కృతజ్ఞతలు. లెక్క అర్థమైంది, కానీ ఒక సందేహం మిగిలింది. నిఫ్టీ 25,000 వద్దనే ఉన్నప్పుడు 25,000కు కొనే హక్కు విలువ సున్నా కావాలి కదా. దానికి 140 ఎందుకు ఇస్తున్నారు? మంగళవారం దాకా ఆగకుండా మధ్యలోనే అమ్మేస్తే ఏమవుతుంది?

పాత బ్రోకరు

మీరు అడిగినది ఆప్షన్ల మొత్తం వ్యవహారంలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్న. ఈ రోజే గడువు ముగిసేటట్టయితే ఆ హక్కు విలువ నిజంగానే సున్నా. 140 మొత్తం మిగిలిన ఆరు రోజుల వెల. ఆ ఆరు రోజుల్లో నిఫ్టీ ఎంత దూరం కదలవచ్చు అన్నదానిపై మార్కెట్‌కు ఉన్న అంచనా ఆ అంకెలో ఇమిడి ఉంది. గొడవలు లేని వారంలో అదే స్ట్రైక్‌కు 100 ఉండవచ్చు. బడ్జెట్ గాని, ఎన్నికల ఫలితం గాని ఎదురుగా ఉన్న వారంలో 300 కూడా ఉండవచ్చు.

నిఫ్టీ సూచీ ఆప్షన్‌లో హక్కును వినియోగించుకోవడం గడువు రోజునే జరుగుతుంది, కానీ కాంట్రాక్టును మాత్రం మార్కెట్ తెరిచి ఉన్న ఏ నిమిషంలోనైనా ఆనాటి ప్రీమియానికి మరొకరికి అమ్మేయవచ్చు. ఇక్కడే కొత్తవారు తరచుగా ఆశ్చర్యపోతారు. సోమవారం సాయంత్రానికి నిఫ్టీ 25,060కి చేరిందని అనుకుందాము. గడువుకు ఒక్క రోజే మిగిలింది. అప్పుడు ఆ కాల్ సుమారు 95 దగ్గర పలకడం సహజం. అందులో 60 ఇప్పటికే చేతికందే విలువ, మిగిలిన 35 ఒక్క రోజు ఆశకు వెల. సూచీ 60 పాయింట్లు పెరిగినా ప్రీమియం 140 నుంచి 95కు దిగింది. యాప్ పొరపాటు చూపిస్తోందని కొందరు ఫోన్లు చేస్తారు. పొరపాటు ఏమీ లేదు, ఐదు రోజుల కాలం కరిగిపోయింది. ఆ కరుగుదల అన్ని రోజుల్లోనూ ఒకే వేగంతో సాగదు. సూచీ స్ట్రైక్ దగ్గరలోనే తిరుగుతూ ఉంటే చివరి రెండు రోజుల్లో అది చాలా తీవ్రంగా ఉంటుంది.

ఇది గమనించాలంటే డబ్బు పెట్టనవసరం లేదు. గడువుకు వారం ముందు సూచీకి దగ్గరలో ఉన్న ఒక స్ట్రైక్‌ను ఎంచుకుని, ప్రతి సాయంత్రం సూచీ ముగింపును, ఆ ప్రీమియాన్ని పక్కపక్కన రాసుకోండి. ప్రీమియంలో నుంచి చేతికందే విలువను తీసివేస్తే మిగిలేదే కాలం వెల. అది ఎలా తరిగిపోతుందో మీకే కనిపిస్తుంది.

ఓరుగల్లు

అంటే కాలం అమ్మినవారి పక్షాన పనిచేస్తోందని పాత బ్రోకరు గారే ఒప్పుకున్నట్టు. నేను కొంతకాలంగా సూచీకి దూరంగా ఉన్న పుట్‌లను అమ్ముతున్నాను. అవి చాలావరకు విలువ లేకుండానే ముగుస్తాయి, ప్రీమియం నాకు మిగులుతుంది. కొనేవారి వైపు నుంచి మాత్రమే వివరిస్తే బొమ్మ సగమే కనిపిస్తుంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ అధ్యయనం తేల్చింది. అలాంటప్పుడు ఎదుటి పక్షాన నిలబడడమే తెలివైన పని కాదా?

పాత బ్రోకరు

ముందుగా ఆ 93 శాతం గురించి. అది కొన్నవారి లెక్క మాత్రమే కాదు. ఫ్యూచర్స్ చేసినవారు, ఆప్షన్లు కొన్నవారు, అమ్మినవారు అందరూ అందులో కలిసే ఉన్నారు. కాబట్టి ఆ అంకెను పట్టుకుని అమ్మడం మంచిదని నిరూపించలేము.

ఇక పుట్ అమ్మడం గురించి. తెనాలి పాఠకుడు గారి రెండో వరుసలో ఉన్న పుట్, నిర్ణీత ధరకు అమ్మే హక్కు. సూచీ స్ట్రైక్ కంటే ఎంత కిందికి పడితే కొన్నవారికి అంత వస్తుంది, అమ్మినవారు అంత ఇచ్చుకోవాలి. దీనికి 2024 జూన్ మొదటి వారం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఎగ్జిట్ పోల్స్ తరువాత జూన్ 3న నిఫ్టీ ఎగిరి 23,263 దగ్గర ముగిసింది. గడువు జూన్ 6, గురువారం, ఎందుకంటే అప్పట్లో నిఫ్టీ వారపు గడువు గురువారం ఉండేది. ఆ సాయంత్రం ఒకరు 23,000 పుట్ అమ్మారని అనుకోండి. 263 పాయింట్ల ఎడం ఉంది, ఊపు పైకి ఉంది, క్షేమంగానే కనిపిస్తుంది.

మరునాడు ఓట్ల లెక్కింపు. నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. అప్పటికి ఆ పుట్‌లో చేతికందే విలువే 1,116 పాయింట్లు. అప్పటి లాట్ 25 కాబట్టి ఒక్క లాట్‌కు 27,900 రూపాయలు. కాలం వెల దీనికి అదనం. ఆ తరువాత జరిగినదే అసలు పాఠం. జూన్ 5న సూచీ 22,620కి, జూన్ 6న 22,821కి తేరుకుంది. గడువు ముగిసే సరికి ఆ పుట్ విలువ 179 పాయింట్లే, అంటే లాట్‌కు 4,475 రూపాయలు. అందులో నుంచి ముందు అందుకున్న ప్రీమియం కూడా తీసివేసుకోవచ్చు. అయితే ఆ ఊరట జూన్ 4 సాయంత్రం అడిగిన అదనపు మార్జిన్ కట్టగలిగినవారికి మాత్రమే దక్కింది. కట్టలేనివారి కాంట్రాక్టులను బ్రోకరు మూసివేస్తాడు, అదీ ప్రీమియం అతి ఎక్కువగా ఉన్న సమయంలో. అంచనా నాలుగో రోజుకు దాదాపు నిలబడింది, ఖాతా మాత్రం రెండో రోజునే ఖాళీ అయింది.

ఓరుగల్లు

ఆ రోజు పతనం ఒక్క క్షణంలో వచ్చినది కాదు, లెక్కింపు సాగుతున్న కొద్దీ గంటల తరబడి జరిగింది. నష్టం ఫలానా హద్దును చేరగానే కాంట్రాక్టును మూసివేసే స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టుకున్నవారు మొదటి గంటలోనే పరిమిత నష్టంతో బయటపడి ఉంటారు. పైగా అమ్మిన పుట్ కంటే కింది స్ట్రైక్‌లో మరో పుట్ కొనిపెట్టుకుంటే నష్టానికి అడుగు ఏర్పడుతుంది. నేను చేసేది అదే. కాబట్టి అమ్మకం అంటేనే ప్రమాదం అన్న మాటను నేను అంగీకరించను.

పాత బ్రోకరు

కింది స్ట్రైక్ కొని నష్టానికి హద్దు గీసుకోవడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఈ మాటను మీరు మొదటి సందేశంలోనే చెప్పి ఉంటే చదివేవారికి మరింత మేలు జరిగేది. స్టాప్‌లాస్ విషయంలో మాత్రం మన అభిప్రాయాలు కలవవు. ధర వేగంగా పరుగెడుతున్నప్పుడు అనుకున్న చోట ఆర్డరు నెరవేరుతుందన్న పూచీ లేదు, రాత్రికి రాత్రి వచ్చిన వార్తకు ఉదయం సూచీ కిందనే తెరుచుకుంటే స్టాప్‌లాస్ ఉన్నా లేనట్టే.

కృష్ణాతీరం

నా పోలికలోని లోపాన్ని చూపినందుకు ధన్యవాదాలు. అయితే కొనేవారి నష్టం ప్రీమియం దాటదు అన్నది షేర్ల ఆప్షన్లలో కూడా అంతే నిజం కదా? మా బావమరిది ఒక షేరుపై కాల్ కొని గడువు దాకా ఉంచుకుంటే, ఆరు లక్షలు కట్టమని బ్రోకరు నుంచి సందేశం వచ్చిందట. అది ఎలా సాధ్యం?

పాత బ్రోకరు

అది మోసం కాదు, నియమమే. సూచీ ఆప్షన్‌లో తేడా సొమ్ము చేతులు మారితే సరిపోతుంది. విడి షేర్ల ఆప్షన్లలో మాత్రం 2019 అక్టోబరు నాటికి అన్నింటికీ డెలివరీ పద్ధతి వచ్చింది. అంటే గడువు రోజున షేరు ధర స్ట్రైక్ కంటే పైన ముగిసిన కాల్ మీ దగ్గర ఉంటే, స్ట్రైక్ ధర చెల్లించి నిజంగానే షేర్లు తీసుకోవాలి. స్ట్రైక్ 1,000, లాట్ 600 అయితే ఆరు లక్షలు సిద్ధంగా ఉండాలి. పుట్ కొన్నవారైతే అన్ని షేర్లూ డీమ్యాట్‌లో చూపించాలి, లేకపోతే వేలం ద్వారా కొని నింపి, ఆ ఖర్చును వారిపైనే వేస్తారు. అందుకే గడువు వారంలో బ్రోకర్లు షేర్ల ఆప్షన్లపై మార్జిన్‌ను మెట్లుమెట్లుగా పెంచుతారు. షేర్లు అక్కరలేనివారు గడువుకు ముందే కాంట్రాక్టును అమ్మేసి బయటపడాలి. మీ బావమరిది గారు సందేశం వచ్చిన రోజున ఏమి చేశారు?

కృష్ణాతీరం

మధ్యాహ్నమే అమ్మేశారట. కొద్దిపాటి లాభమే వచ్చిందని చెప్పారు, కానీ ఆ సందేశం ఎందుకు వచ్చిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఈ చర్చను ఆయనకు పంపుతాను.

విశ్రాంత ఉద్యోగి

నాది వేరే అవసరం. పదవీ విరమణ సొమ్ములో నాలుగు లక్షల రూపాయలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నాయి. మార్కెట్ పడితే తట్టుకునేందుకు ఒక పుట్ కొని ఉంచుకోమని తెలిసినవారు సలహా ఇచ్చారు. ఇది సబబేనా?

పాత బ్రోకరు

పుట్‌కు ఉన్న అసలైన ప్రయోజనం మీరు చెప్పినదే, కానీ కొలత కుదరదండీ. ఒక నిఫ్టీ లాట్ 65 × 25,000, అంటే 16,25,000 రూపాయల విలువకు రక్షణ ఇస్తుంది. మీ దగ్గర ఉన్నది నాలుగు లక్షలు. మిగిలిన పన్నెండు లక్షల పైచిలుకు మార్కెట్ పడుతుందని వేసిన పందెం అవుతుంది. మార్కెట్ పెరిగితే మీ ఫండ్‌లో వచ్చే లాభంలో పెద్ద భాగాన్ని ఆ ప్రీమియమే తినేస్తుంది. పైగా గడువు ముగిసిన ప్రతిసారీ కొత్తగా కొనాలి, ఆ ఖర్చుకు అంతు ఉండదు. మీ భయం తగ్గాలంటే ఫండ్‌లో నుంచి కొంత తీసి డిపాజిట్‌లో ఉంచుకోవడం మీ సొమ్ము పరిమాణానికి తగిన మార్గమని నా అభిప్రాయం.

ఓరుగల్లు

నాలుగు లక్షలకు కుదరదన్నది నిజమే. పదహారు లక్షలు ఉన్నవారి విషయంలో మాత్రం నేను మరోలా చెబుతాను. ఏడాది పొడవునా కొనకపోయినా, ఎన్నికల ఫలితాల వంటి వారాలలో సూచీకి కొంత కింద ఉన్న పుట్ కొనడం తప్పేమీ కాదు.

పాత బ్రోకరు

అలాంటి వారాలలోనే ఆ పుట్ అతి ఖరీదుగా ఉంటుంది, ఎందుకంటే అందరి భయమూ ఒకే వారంలో ధరకు ఎక్కుతుంది. ఫలితం వెలువడగానే, సూచీ కొంత పడినా, ఆ భయం వెల దిగిపోయి పుట్ ధర పెరగకపోవడాన్ని కూడా చూస్తుంటాము. అది కొనదగినదా కాదా అన్నది ఆనాటి వెలను చూసి తేల్చుకోవలసినదే.

తెనాలి పాఠకుడు

నాకు అర్థమైనదాన్ని మరో వరుసపై ప్రయోగించి చూస్తాను, తప్పు ఉంటే దిద్దండి. అదే పట్టికలో 24,800 పుట్ 55 రూపాయలకు ఉంది. నిఫ్టీ ఇప్పటికి 25,000 వద్ద ఉంది కనుక అందులో చేతికందే విలువ ఏమీ లేదు, 55 మొత్తం కాలం వెలే. ఒక లాట్‌కు 3,575 రూపాయలు చెల్లించాలి. గడువు దాకా ఉంచుకుంటే నిఫ్టీ 24,745 కంటే కిందికి వెళితేనే లాభం. అంటే మంగళవారం మధ్యాహ్నం సూచీ ఒక్క నిమిషం 24,700ను తాకి మళ్లీ 24,800 పైకి వచ్చినా, తాకింది కాబట్టి నాకు 100 పాయింట్లు వస్తాయి. ఇంతేనా?

పాత బ్రోకరు

చివరి వాక్యం తప్ప మిగిలినదంతా సరిగ్గా ఉంది. మధ్యలో తాకిన అంకెకు సెటిల్‌మెంట్‌తో సంబంధం లేదు. గడువు రోజున సూచీ ముగింపు విలువనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ ముగింపు కూడా చిట్టచివరి లావాదేవీ ధర కాదు, సూచీలోని షేర్ల చివరి అరగంట ధరల సగటు నుంచి వస్తుంది. ఆ సగటు 24,800 పైన ఉంటే మీ పుట్ విలువ సున్నా. 24,700ను తాకిన ఆ నిమిషంలో లాభం కావాలనుకుంటే అప్పుడే, మార్కెట్‌లో ఉన్న ప్రీమియానికి, కాంట్రాక్టును అమ్మి ఉండాలి. గడువు రోజున మూడు గంటల తరువాత ఒకసారి సూచీని, 24,800 పుట్ ధరను పక్కపక్కన పెట్టి చూడండి. తెరపై సూచీ ఒక్కసారిగా ఊగినా పుట్ ధర అంతగా స్పందించకపోవడం గమనిస్తారు, ఎందుకంటే అప్పటికే సగటులో కొంత భాగం ఖాయమై ఉంటుంది.